టైల్స్ వెనక దాక్కున్న రెండు నెలలు: ఒక అపార్ట్‌మెంటు రిపేరు డైరీ

సెప్టెంబరు 18

విశాఖ లాసన్స్ బే కాలనీలో, బీచ్ రోడ్డుకు రెండు వీధుల లోపల ఉన్న ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. 20 ఫ్లాట్లు, కింద సెల్లారు పార్కింగు, అందులో 16 పిల్లర్లు. కట్టి పాతికేళ్లు దాటింది. అసోసియేషన్ తరఫున పని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. ప్లాను నేనే రాశాను. సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 5 దాకా తుప్పు పట్టిన నాలుగు పిల్లర్లు, అక్టోబరు 6 నుంచి నవంబరు 30 దాకా బాల్కనీల అడుగు భాగాలు, బయటి ప్లాస్టరింగు, రంగు. పరంజా విప్పి డిసెంబరు 5న అప్పజెప్పాలి.

ఈరోజు పొద్దున షట్టరింగు పలకలు మోస్తుంటే పక్క పిల్లరుకు తగిలి ఒక టైలు ఊడిపడింది. ఆ పిల్లరు మా లిస్టులో లేదు. టైలు వెనక ప్లాస్టరు గోధుమ రంగులో తడిగా ఉంది. మేస్త్రి ఉలితో గీకితే పెళ్లలుగా రాలింది. లోపలి కడ్డీ చుట్టూ తుప్పు పొరలు పొరలుగా, ఉల్లిపాయ తొక్కలా వచ్చింది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి కాలిపర్‌తో కొలిచాం. 16 మిల్లీమీటర్ల కడ్డీ 12.5 దగ్గర ఆగింది. వినడానికి మూడున్నర మిల్లీమీటర్లే. కానీ బరువు మోసేది కడ్డీ అడ్డుకోత. 16ను 16తో గుణిస్తే 256, 12.5ను 12.5తో గుణిస్తే 156. అంటే దాదాపు 40 శాతం ఇనుము పోయింది.

సర్వే ఎందుకు పట్టుకోలేదో అప్పుడు అర్థమైంది. పిల్లర్లను సుత్తితో తట్టి చూశాం. గట్టి కాంక్రీటు టంగుమంటుంది, డొల్లగా ఉంటే బొదబొదమంటుంది. ఏ పిల్లరైతే బోసిగా ఉందో అక్కడ ఆ పరీక్ష పనిచేసింది, నాలుగూ దొరికాయి. మిగిలిన 12 పిల్లర్లకు ఎప్పుడో అందం కోసం నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటించారు. టైలు మీద తడితే టైలు శబ్దమే వినబడుతుంది. పైగా కార్లు కడిగే బోరు నీళ్లు ఇక్కడ ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు టైల్స్ సందుల్లోంచి దిగి లోపలే ఉండిపోతాయి. కాపాడుతుందనుకున్న టైలే తడిని బంధించింది.

సెప్టెంబరు 20

ఈరోజు ఒక తప్పు చేశాను. రేపు మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

నిన్నటి నుంచి గ్రూపులో ఒకటే ప్రశ్న: "ఏంటండీ, పని ఆగిందా?" సెక్రటరీ గారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, నన్ను "బాబూ" అంటారు. "ఏదో ఒకటి చెప్పు బాబూ, టెన్షన్ పడుతున్నారు" అన్నారు. నేను ఒక టైలే చూశాను. మిగతా 11 పిల్లర్లు విప్పనే లేదు. అయినా "ఇంకో పిల్లరు దొరికింది, సుమారు పది రోజులు ఆలస్యం కావచ్చు" అని పెట్టేశాను.

ఆ "సుమారు", "కావచ్చు" ఎవరి కంటా పడలేదు. అందరూ పట్టుకున్నది "పది రోజులు" ఒక్కటే. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు తమ క్యాలెండర్లో డిసెంబరు 15 అని రాసేసుకున్నారు. పెట్టాల్సిన మాట ఇది: "ఇంకో పిల్లరు దొరికింది. మిగతావి కూడా విప్పి చూస్తున్నాం. ఎన్ని అన్నది 29న చెబుతాను, తేదీ అక్టోబరు 6న చెబుతాను." అందులో కొత్త తేదీ లేదు, తేదీ ఎప్పుడు వస్తుందో ఉంది. ఆ ఆరాటానికి అది సరిపోయేది.

సెప్టెంబరు 29

12 పిల్లర్లకూ అడుగున రెండడుగుల మేర టైల్స్ తీయించాం. స్ట్రక్చరల్ ఇంజనీరు గారు హాఫ్ సెల్ పరీక్ష కూడా చేయించారు. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడును తడిపిన కాంక్రీటు మీద ఆనించి, కడ్డీకీ దానికీ మధ్య వోల్టేజీ చదువుతారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగువకు పోతే లోపల తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం. ఈ పరీక్ష తుప్పు ఎంత తినేసిందో చెప్పదు, ఇప్పుడు తింటోందా లేదా అన్నదే చెబుతుంది. అందుకే అనుమానం ఉన్నచోట పగలగొట్టి కాలిపర్ పెట్టాల్సి వచ్చింది.

లెక్క తేలింది. 12లో 8 పిల్లర్లకు రిపేరు తప్పదు. ముందువి 4, ఇవి 8, మొత్తం 12. నాలుగే మంచివి.

ఆలస్యం పది రోజులు కాదని రాత్రికే తెలిసిపోయింది. గ్రూపులో ఒక్క ముక్కే పెట్టాను: "మొత్తం 12 పిల్లర్లకు పని ఉంది. నేను 20న చెప్పిన పది రోజులు తప్పు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త తేదీలు అక్టోబరు 6న చెబుతాను." అంత సేపు ఎందుకని అడిగినవాళ్లకు, విప్పిన పిల్లరు బరువు మోసే జాకీలు అద్దెకిచ్చేవాళ్ల మాట, ఇంజనీరు గారి ఉత్తరం చేతికి రాకుండా తేదీ చెబితే మళ్లీ అదే తప్పు చేసినట్టవుతుందని చెప్పాను.

అక్టోబరు 3

లెక్క ఇలా వేశాను.

పిల్లర్లను జంటలుగానే విప్పాలి. పక్కపక్కన ఉన్న రెండిటినీ ఒకేసారి విప్పకూడదు. ఒక్కో జంటకు ఆదివారంతో కలిపి ఏడు రోజుల పని: జాకీలు బిగించడం, వదులైన కాంక్రీటు చిప్పింగు చేయడం, తుప్పు తోమి ప్రైమర్ పూయడం, అరిగిన చోట కొత్త కడ్డీలు కట్టడం, షట్టరింగు, చివరి రోజు మైక్రో కాంక్రీటు పోయడం. తర్వాత ఏడు రోజులు జాకీలు కదపకుండా ఉంచి, అదే కాంక్రీటుతో అదే రోజు పోసిన చిన్న దిమ్మలు, అంటే క్యూబులు, ల్యాబులో పగలగొట్టించి, బలం వచ్చిందని కాగితం చేతికొచ్చాకే విప్పాలి. జంటకు 14 రోజులు.

సెప్టెంబరు 8 నుంచి మొదటి జంట, 22 నుంచి రెండో జంట. రెండోది ఎల్లుండి 5కి పూర్తవుతుంది. ఇక నాలుగు జంటలు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే 56 రోజులు, అక్టోబరు 9న మొదలుపెడితే డిసెంబరు 3.

బెంగళూరులో ఉండే 501 ఓనరు గారు సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. ఫోన్ చేసి "రిసోర్సులు డబుల్ చేయండి, సగం టైములో అయిపోతుంది కదా" అన్నారు. తప్పేమీ కాదు, ఎవరికైనా ముందు తోచేది అదే. కానీ ఇక్కడ టైము తీసుకునేది మనుషులు కాదు. ఏడు రోజులు కాంక్రీటు గట్టిపడుతుంటే పదిమంది కూలీలున్నా బీడీ కాలుస్తూ కూర్చోవాల్సిందే. ఆ ఏడు రోజులూ జాకీలు ఆ పిల్లరు దగ్గరే ఇరుక్కుపోతాయి. తక్కువ పడుతున్నది జాకీలు.

అందుకని ఇంజనీరు గారిని అడిగింది ఒక్కటే: మొదటి జంట పోత అయిపోయి జాకీల మీద ఉండగా, బిల్డింగుకు అవతలి కొసన రెండో సెట్టు జాకీలతో ఇంకో జంట విప్పొచ్చా? ఆయన బరువులు మళ్లీ లెక్కేసి, ఎప్పుడూ ఎదురెదురు కొసల్లోనే ఉండాలనే షరతుతో ఒప్పుకున్నారు. ఉత్తరం రేపు ఇస్తానన్నారు. అలా అయితే వారానికో జంట మొదలవుతుంది. 9 అక్టోబరు నుంచి మొదలుపెట్టి 35 రోజుల్లో, నవంబరు 12కి ఆఖరి జంట జాకీలు విప్పొచ్చు. 21 రోజులు కలిసొచ్చాయి. దసరాకు రెండు రోజులు, దీపావళికి రెండు రోజులు మేస్త్రీలు రారు. అవి కలిపితే నవంబరు 16.

పిల్లర్లు జాకీల మీద ఉండగా పైన బాల్కనీల్లో సుత్తి పెట్టకూడదని ఇంజనీరు గారి మాట. కాబట్టి బయటి పని నవంబరు 17న. అది ఎనిమిది వారాలు. సూటిగా లెక్కేస్తే జనవరి 11.

ఇక్కడ ఆగాను. బయటి పనికి వానలెక్క నా పాత ప్లానులో లేనే లేదు. విశాఖలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, అప్పుడు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. అయినా అక్టోబరు 6న బయటి గోడల పని మొదలవుతుందని, ఒక్క రోజు కూడా ఆగదని రాశాను. టెండరు గెలవాలన్న తొందరలో రాసిన ప్లాను అది, ఇంకో సాకు లేదు. ఇప్పుడు నవంబరు, డిసెంబరు అల్పపీడనాలకు ఎనిమిది రోజులు పెట్టాను.

అవి కలిపితే పని సంక్రాంతి మీద పడుతుంది. మన మేస్త్రీల్లో సగం మంది శ్రీకాకుళం వైపు పల్లెలవాళ్లు. జనవరి 10న బస్సెక్కితే 20 దాకా కనబడరు. "ఎక్కువ కూలీ ఇస్తే ఉంటారు" అన్నారు సెక్రటరీ గారు. ఉండరు. ఉన్నవాళ్ల మనసు ఇక్కడ ఉండదు. జనవరి 10 నుంచి 20 దాకా 11 రోజులు సెలవని రాసేశాను.

బయటి పనికి వానతో కలిపి 64 రోజులు కావాలి. నవంబరు 17 నుంచి జనవరి 9 దాకా 54. మిగిలిన పది రోజులు జనవరి 21 నుంచి 30. పరంజా విప్పి, చెత్త ఎత్తి, ఫిబ్రవరి 5న అప్పజెప్పడం.

నవంబరు 30 నుంచి జనవరి 30కి 61 రోజులు. ఎక్కడికి పోయాయో విడదీసి సరిచూసుకున్నాను: కొత్త పిల్లర్లకు 35, జాకీలు వచ్చేదాకా ఎదురుచూపు 3, పండగలకు 4, వానకు 8, సంక్రాంతికి 11. కూడితే 61. ఈ కూడిక సరిపోయే దాకా మెసేజీ రాయకూడదని పెట్టుకున్నాను. ఎవరో ఒకరు వేలు మడిచి లెక్కపెడతారు, ముఖ్యంగా 302లో ఉన్న స్టీల్ ప్లాంటు మాజీ ఉద్యోగి.

అక్టోబరు 4

కమిటీ మీటింగు. తేదీ విని ఇద్దరు గొణిగారు. కోశాధికారి గారు "జనవరి 15 అని చెబుదాం, పండగలోపు అంటే బాగుంటుంది. తర్వాత ఎలాగూ ఓ పది రోజులు అటూ ఇటూ" అన్నారు. మొదటి తేదీ తప్పినందుకు ఎవరూ ఎక్కువ తిట్టలేదు, టైలు వెనక ఎవరికీ కనబడదు కదా. రెండోది, ఆ పది రోజుల మాట, తొమ్మిది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నాను. మూడోది కూడా తప్పితే నాలుగోది ఎవరూ చదవరు. అదే చెప్పాను. సెక్రటరీ గారు కాసేపు ఆలోచించి "పెట్టెయ్ బాబూ, ఉన్నదే పెట్టు" అన్నారు.

డబ్బుల సంగతి ఈ మెసేజీలో వద్దన్నాను. ఎనిమిది పిల్లర్ల అదనపు ఖర్చు ఇందులో కలిపితే చదివేవాళ్ల చూపు నేరుగా ఆ అంకె మీదకు పోతుంది, తేదీలు ఎవరికీ గుర్తుండవు. దానికి వేరే మీటింగు, వేరే కాగితం.

అక్టోబరు 5

మెసేజీ పెట్టే ముందు 404కి వెళ్లాను. నవంబరు 28న వాళ్లమ్మాయి పెళ్లి. పెళ్లి హాల్లోనే, కానీ చుట్టాలందరూ దిగేది ఇక్కడే. పాత ప్లాను ప్రకారం ముందు గోడకు అప్పటికి రంగు పడిపోవాలి. ఈ సంగతి వాళ్లు గ్రూపులో చదివి తెలుసుకోకూడదు.

404 ఇంటావిడ విని కాసేపు ఏమీ అనలేదు. "గేటు ముందు పరంజా కట్టి ఉంటే పందిరి ఎక్కడ వేయమంటారు?" అన్నారు. నిజమే. పరంజాకు గోనెపట్టాలు వేలాడుతుంటే పెళ్లింటి కళ ఎక్కడిది? నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

మెట్లు దిగుతుంటే తట్టింది. ముందు గోడ తూర్పు ముఖం, సముద్రం వైపు. ఈ కాలంలో గాలి, వాన ఎక్కువగా కొట్టేది అటే. మొదట వెనక గోడ ఎత్తుకుంటే పనికీ మంచిదే. ముందు పరంజా డిసెంబరు 1న కట్టొచ్చు. నవంబరు 26 నుంచి 29 దాకా సుత్తి పని బంద్, ఆ నాలుగు రోజులు వెనక వైపు ప్లాస్టరింగు, తడపడం చేసుకుంటాం. రోజులు పెరగవు. తిరిగి పైకెళ్లి చెప్పాను. "అదేదో ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు ఆవిడ, కానీ టీ ఇచ్చారు.

అక్టోబరు 6

మొదటి డ్రాఫ్టు రెండు పేజీలు వచ్చింది. అందులో హాఫ్ సెల్ రీడింగులు, క్షమాపణ మూడు చోట్ల. సెక్రటరీ గారు ఫోన్లో చదివి "తేదీ ఎక్కడ బాబూ?" అన్నారు. తేదీ రెండో పేజీలో ఉంది. మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. పంపింది ఇది:

> అందరికీ నమస్కారం.
>
> మన పని డిసెంబరు 5కి పూర్తి కాదు. కొత్త తేదీ ఫిబ్రవరి 5. రెండు నెలలు ఆలస్యం.
>
> ఎందుకంటే, సెల్లారులో టైల్స్ అంటించిన 12 పిల్లర్లలో ఎనిమిదింటికి లోపల తుప్పు ఉంది. టైల్స్ తీయకుండా సర్వే చేయడం వల్ల ముందు కనబడలేదు. ఆ సర్వే నమ్మి ప్లాను వేసింది నేను. వానకు రోజులు వదలకపోవడం కూడా నా పొరపాటే, ఇప్పుడు ఎనిమిది రోజులు వదిలాను. సెప్టెంబరు 20న చెప్పిన పది రోజుల మాట అన్నీ చూడకుండా చెప్పింది, దాన్ని మర్చిపోండి.
>
> కొత్త తేదీలు:
> పిల్లర్ల పని: అక్టోబరు 9 నుంచి నవంబరు 16
> వెనక గోడ, పక్క గోడలు: నవంబరు 17 నుంచి
> ముందు గోడ పరంజా: డిసెంబరు 1 నుంచి
> సంక్రాంతి సెలవు: జనవరి 10 నుంచి 20
> రంగు పూర్తి: జనవరి 30
> పరంజా విప్పి అప్పజెప్పడం: ఫిబ్రవరి 5
>
> కార్లు: ఉత్తరం వైపు 4 స్లాట్లు అక్టోబరు 25న, దక్షిణం వైపు 4 నవంబరు 1న, మెట్ల పక్క 4 నవంబరు 10న, మిగిలిన 6 నవంబరు 17న తెరుస్తాం. అప్పటిదాకా బయటే పెట్టుకోవాలి. కింద అంతస్తులో పెద్దవాళ్లున్న రెండు ఇళ్లకు మొదటి నాలుగు స్లాట్లలో చోటిస్తాం, మిగతావాళ్లు దయచేసి సర్దుకోండి.
>
> మనుషుల్ని పెంచితే పిల్లర్ల పని త్వరగా కాదు. పోసిన కాంక్రీటు గట్టిపడే ఏడు రోజులు ఎవరూ తగ్గించలేరు. రెండో సెట్టు జాకీలు తెప్పించి మూడు వారాలు తగ్గించాం, అంతకంటే తగ్గించడానికి ఇంజనీరు గారు ఒప్పుకోరు.
>
> ఈ తేదీల్లో నవంబరు 16 గట్టిది. జనవరి 30 వాన మీద ఆధారపడి ఉంది. ఎనిమిది రోజులకు మించి పని ఆగితే డిసెంబరు 20న చెబుతాను, జనవరి దాకా దాచను. ఆగిన రోజుల లెక్క లిఫ్టు పక్క బోర్డు మీద రాస్తుంటాం.
>
> బిల్డింగులో ఉండడానికి ఇప్పుడు ప్రమాదం ఉందా అని కొందరు అడిగారు. విప్పిన పిల్లర్ల చుట్టూ జాకీలు బరువు మోస్తున్నాయి, ఇంజనీరు గారి ఉత్తరం ఈ మెసేజీ కింద జతచేశాను. ఎర్ర తాడు దాటి పిల్లల్ని వెళ్లనివ్వకండి.
>
> అదనపు ఖర్చు గురించి అక్టోబరు 13 మీటింగులో కొలతలతో సహా మాట్లాడదాం.

అక్టోబరు 7

వచ్చిన జవాబుల్లో తిట్లు రెండు, "ఓకే" పదకొండు. 302 గారు అనుకున్నట్టే లెక్కపెట్టారు. ఫోన్ చేసి "61 రోజులు సరిపోయాయయ్యా, కానీ వాన ఎనిమిది రోజులు పాత ప్లానులోనూ ఉండాలి కదా, అది ఆలస్యం ఎలా అవుతుంది?" అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఆ ఎనిమిదీ ఇప్పుడు పుట్టినవి కావు, నేను రాయకుండా వదిలేసినవి. టైల్స్ సమస్య రాకపోయినా డిసెంబరు 5 నిలిచేది కాదు. అదే ఒప్పుకున్నాను. "సరే, కారు మాత్రం 25న లోపల పెట్టేస్తాను" అని పెట్టేశారు. ఆయనకు కావలసింది అదొక్కటే అనుకుంటా.

కాంట్రాక్టరుకు మాత్రం వేరే మెసేజీ పెట్టాను. అతనికి కార్లతో పనిలేదు. ఏ జంట ఏ రోజు విప్పాలి, ఏ సెట్టు జాకీలు ఎక్కడికి, క్యూబులు ఏ రోజు ల్యాబుకు పోవాలి, ఏ జంట తర్వాత ఏ బిల్లు. అంతే.

అక్టోబరు 25

మూడో జంట క్యూబులు నిన్న పగలగొట్టించాం. ఇంజనీరు గారు ఏడో రోజుకు 30 ఎంపీఏ బలం అడిగారు, 34 వచ్చింది. ఉదయం ఉత్తరం వైపు నాలుగు స్లాట్లు తెరిచాం. 302 గారి కారు ఆరున్నరకే వచ్చి నిలబడింది.

నవంబరు 9

ఐదో జంట క్యూబులు 26 దగ్గర పగిలాయి. పిల్లరు దగ్గరికెళ్లి షట్టరు విప్పిన చోట చూస్తే పై అంచున తెల్లటి పొడి పొర గోటితో గీస్తే వస్తోంది. నీళ్లు ఎక్కువైన గుర్తు. మేస్త్రిని అడిగాను. ముందు "లేదు సార్" అన్నాడు, తర్వాత "కడ్డీలు గుబురుగా ఉన్నాయి సార్, దిగడం లేదని కొంచెం పోశాను" అన్నాడు. బస్తాకు ఎన్ని లీటర్లో కొలపాత్ర ఉంది. అతను పోసింది మగ్గుతో.

జాకీలు విప్పలేదు. మంచి సంగతేంటంటే ఆరో జంట ఇంకో సెట్టు జాకీల మీద నడుస్తోంది, ఈ సెట్టుతో ఇక వేరే పని లేదు. అందుకని నవంబరు 16 కదలదు. కదిలేది మెట్ల పక్క స్లాట్లు మాత్రమే. ఎండ్ డేటు మారలేదు కదా అని ఊరుకుంటే రేపు పొద్దున నలుగురు కార్లు తెచ్చి తాడు చూసి నా మీద పడతారు. గ్రూపులో పెట్టాను: "మెట్ల పక్క 4 స్లాట్లు రేపు కాదు, 13న. కాంక్రీటు బలం ఇంకా చాలలేదు. 12న మళ్లీ పరీక్ష. నవంబరు 16 మారదు."

అదనంగా పోసి ఉంచిన మూడు క్యూబులు మిగిలాయి, అదృష్టం.

నవంబరు 12

31 వచ్చింది. ఇంజనీరు గారు అయినా 28వ రోజు క్యూబుల కాగితం చూసేదాకా ఈ రెండు పిల్లర్లను తన లిస్టులోంచి తీయనన్నారు. మేస్త్రి చేతిలో మగ్గు లేకుండా చూడడం ఇప్పుడు సూపర్‌వైజరు డ్యూటీ.

నవంబరు 17

నిన్న సాయంత్రం ఆఖరి జాకీ విప్పాం. ఈరోజు వెనక గోడకు పరంజా కడుతున్నారు. లిఫ్టు పక్క బోర్డు మీద చాక్‌పీసుతో: "వాన రోజులు 8. వాడినవి 0."

వాన రోజంటే ఏంటో కాంట్రాక్టరుతో ముందే తేల్చుకున్నాను, లేకపోతే చినుకు పడ్డ ప్రతిసారీ ఒక రోజు రాయమంటాడు. పని నాలుగు గంటలకు మించి ఆగితేనే ఒక రోజు. వాన ఆగాక గోడ ఆరడానికి పట్టే రోజు కూడా లెక్కే. గోడ ఆరిందా లేదా అన్నది చేత్తో తాకి చెప్పలేం. అడుగున్నర ప్లాస్టిక్ షీటు ముక్క గోడకు నాలుగు వైపులా టేపుతో బిగించి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున దాని లోపల చెమట పట్టినట్టు నీటి బిందువులుంటే రంగు వేయం. తడి మీద వేసిన రంగు మూడు నెలల్లో బుడగలు లేస్తుంది.

నవంబరు 29

నిన్న 404 పెళ్లి జరిగింది. ముందు గోడకు మామిడాకుల తోరణం, పందిరి. గోడ రంగు పాతదే, అక్కడక్కడా పగుళ్లు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. సుత్తి శబ్దం లేదు. వెనక వైపు ఇద్దరు మేస్త్రీలు ప్లాస్టరుకు నీళ్లు కొడుతూ భోజనాల వేళకు మాయమయ్యారు, పెళ్లివారే పిలిచారట.

డిసెంబరు 20

చెప్పిన రోజు కాబట్టి గ్రూపులో పెట్టాను: "వాన రోజులు 8లో 5 వాడాం. మూడు మిగిలాయి. ముందు గోడ ప్లాస్టరింగు సగం అయింది. జనవరి 30, ఫిబ్రవరి 5 ఈరోజుకు మారలేదు. తర్వాతి మాట జనవరి 9న, మేస్త్రీలు ఊరెళ్లే ముందు." రెండు నిమిషాల్లో 501 గారు బొటనవేలు బొమ్మ పెట్టారు. సాయంత్రం తూర్పు గోడ మీద నాలుగు చోట్ల ప్లాస్టిక్ షీట్లు అంటించి వచ్చాను.